రద్దుకు ఫోన్ నంబరు వెతుకుతున్నారా?

పెళ్లి వాయిదా పడింది. తిరుపతికి ఆన్‌లైన్‌లో తీసుకున్న రైలు టిక్కెట్లు రద్దు చేయాలి. వెంటనే చాలామంది 'కస్టమర్ కేర్ నంబర్' అని సెర్చ్‌లో వెతుకుతారు. మోసగాళ్లు కాచుకుని ఉండేది అక్కడే. డబ్బు కట్టి ప్రకటన వేయిస్తారు, లేదంటే మ్యాప్‌లో సంస్థ పేరు కింద తమ సెల్ నంబరు చేర్చేస్తారు. అందరికంటే పైన కనిపించినంత మాత్రాన అది అసలుది కాదన్నమాట.

ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా 'మేడమ్, ఇప్పుడే రిఫండ్ వేస్తాం, ఈ యాప్ ఎక్కించుకోండి' అంటారు. ఎనీడెస్క్ లాంటి ఆ యాప్ వేసుకుని అందులోని కోడ్ చెప్పారో, మీ ఫోన్ తెర వాళ్లకు కనిపిస్తుంది. వచ్చే ఓటీపీతో సహా!

అసలు ఈ పనికి ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. చార్టు తయారవక ముందే ఐఆర్‌సీటీసీలో మీ ఖాతా తెరిచి, బుకింగ్‌ల జాబితాలో ఆ టిక్కెట్‌ను మీరే రద్దు చేసుకోవచ్చు. కోత పోగా మిగిలింది మీరు చెల్లించిన ఖాతాకే వస్తుంది. అందుకు మళ్లీ కార్డు నంబరు, పిన్ చెప్పాల్సిన పనే లేదు. డబ్బు రాకపోతే 14646కు ఫోన్ చేయండి. ఈ నంబరును irctc.co.in అని మీరే టైపు చేసి సరిచూసుకోండి. ఇప్పటికే డబ్బు పోయిందా? ఆలస్యం చేయక 1930కి, మీ బ్యాంకుకు చెప్పండి.