840 తింటే 970 బిల్లా?

మన మార్కాపురం, గిద్దలూరు మెస్సుల్లో బోర్డు మీద భోజనం వంద అని ఉంటే, వందే ఇచ్చి చేతులు తుడుచుకుని వచ్చేస్తాం. పలకల ఊరు కదా, రాసిందే లెక్క! అదే అలవాటుతో ఇంటర్వ్యూకని హైదరాబాద్ వెళ్లి, నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఓ ఏసీ రెస్టారెంట్లో కూర్చున్నారనుకోండి. మెనూ చూసి, కూడుకుని 840 రూపాయలకు ఆర్డరిచ్చారు. బిల్లు 970 రూపాయల 20 పైసలు వచ్చింది. 'జీఎస్టీ అయ్యుంటుందిలే' అని ఫోన్‌పే కొట్టేస్తాం. అక్కడే పొరపాటు.

బిల్లును పైనుంచి కిందికి చదవండి. 840కి 10 శాతం సర్వీస్ ఛార్జి 84 కలిపితే 924 అయింది. ఆ 924 మీద సీజీఎస్టీ 2.5 శాతం, ఎస్జీఎస్టీ 2.5 శాతం, రెండూ కలిసి 46.20. మామూలు రెస్టారెంట్‌కి జీఎస్టీ 5 శాతమే కాబట్టి, సర్వీస్ ఛార్జి లేకపోతే పన్ను 42, మొత్తం 882. అంటే 88.20 అదనం. అందులో 84 ప్రభుత్వానికి వెళ్లేది కాదు, హోటల్ వాళ్లది. మిగతా 4.20 దాని మీద పడిన పన్ను.

ఇలా తమంతట తాము బిల్లులో సర్వీస్ ఛార్జి కలపకూడదని, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటి పిటిషన్లు కొట్టేసింది. కాబట్టి డబ్బు కట్టకముందే 'సర్వీస్ ఛార్జి తీసేసి బిల్లు మార్చండి' అని అడగండి. తీయకపోతే బిల్లు ఫొటో తీసుకుని 1915కి ఫోన్ చేయండి. వెయిటర్‌తో మాత్రం గొడవ వద్దు, బిల్లు ఆయన చేతిలో ఉండదు. సర్వీసు నచ్చితే టిప్పు ఆయన చేతికే ఇవ్వొచ్చు. నలుగురిలో అడగాలంటే నామోషీ అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ 88 రూపాయలు ఒకరి టిఫిన్ ఖర్చు.

ఇక మెనూ అడుగున 'పన్నులు అదనం' అని చిన్న అక్షరాల్లో ఉంటే పైలెక్క. 'పన్నులతో కలిపి' అని ఉంటే 840కి 840యే ఇవ్వాలి. మరి అందులో పన్నెంత? చాలామంది 840లో 5 శాతం, 42 అంటారు. తప్పు. పన్ను వేసింది అసలు ధర మీద గానీ మొత్తం మీద కాదు. 840ని 1.05తో భాగించాలి. అసలు ధర 800, పన్ను 40. బిల్లింగ్ ఉద్యోగానికి వెళ్లినా, శాతాల లెక్కల పరీక్ష రాసినా మనవాళ్లు జారేది ఈ రెండు రూపాయల దగ్గరే.

చిన్న హోటళ్లలో ఇంకోటి చూడాలి. కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లు పన్ను తమ జేబులోంచే కట్టాలి, మన దగ్గర విడిగా వసూలు చేయకూడదు. వాళ్లిచ్చే కాగితం మీద 'బిల్ ఆఫ్ సప్లై' అని ఉంటుంది. ఆ మాట ఉండి, కింద జీఎస్టీ లైను కూడా ఉందంటే, అడగాల్సిందే.