మాయాబజార్‌తో కాదు, మా భూమితో మొదలుపెట్టండి



పాత సినిమాలు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని ఒక తమ్ముడు అడిగితే, పోయిన వారం మన గ్రూపులో అందరూ ఒక్కటే చెప్పిన్రు: మాయాబజార్. సికింద్రాబాద్‌కు వచ్చిన కొత్తల నాకు గూడ హాస్టల్లో సీనియర్లు గిదే చెప్పిన్రు. చూసిన. సగంలో నిద్రపోయిన. పాత సినిమా అర్థం చేసుకునే తెలివి నాకు లేదేమో అని ఏడాది పాటు మళ్లీ ఆ వైపు పోలేదు. తప్పు నాది కాదు, వరుసది. ఆ మాట చెప్పడానికే ఈ పోస్ట్.

మాయాబజార్ 1957లో వచ్చింది. కె.వి.రెడ్డి డైరెక్షన్, మూడు గంటల పైన సినిమా. అది నచ్చాలంటే భారతం కథ, ఎవరికి ఎవరు మేనల్లుడో, ఎవరు ఎవరి బావో ముందే తెలిసి ఉండాలి. పురాణం వింటూ పెరిగిన ఇంట్లో పిల్లలకు అది తెలుసు. మా తండాలో మాకు తెలిసింది సేవాలాల్ మహరాజ్ కథ. లక్ష్మణ కుమారుడు ఎవరో తెలియకుండా ఆ పెళ్లి గొడవలో నవ్వు ఎట్ల వస్తది? ఇంట్లో నేర్చుకున్నదాన్ని అందరికీ ఉండే తెలివి అనుకోవద్దు.

అందుకే నేను చెప్పేది, మా భూమితో మొదలుపెట్టండి. 1979లో బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించిన్రు. డైరెక్టర్ గౌతమ్ ఘోష్ బెంగాలీ ఆయన, ఆయనకు అదే మొదటి కథా సినిమా. కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారం. ఈ సినిమా చూడ్డానికి ముందే ఏమీ చదవనక్కర్లేదు. దొర, వెట్టి, అప్పు, భూమి. వీటి గురించి మన ఇళ్లల్ల ఎవరు చెప్పలేదు?

ఇంకో సంగతి. తెలుగు సినిమాల్లో తెలంగాణ మాట చాలా కాలం రౌడీకో, నవ్వించేటోడికో ఇచ్చిన్రు. ఇక్కడ హీరో రామయ్య ఆ మాటే మాట్లాడతడు. దసరా సెలవులకు పోయినప్పుడు మా యాడికి ఫోన్‌లో పెట్టి చూపించిన. ఒక్కసారి కూడా 'ఏమన్నడు' అని అడగలేదు.

అయితే దీన్ని గూడ కళ్లు మూసుకుని మెచ్చుకోవద్దు. రామయ్య చంద్రి అనే గిరిజన అమ్మాయితో స్నేహం చేస్తడు. ఆ పేరు వింటేనే మన తండా పిల్ల అనిపిస్తది. ఆమె జాగీర్దారుకు లొంగక తప్పలేదని తెలిసి రామయ్య మండిపోయి ఊరు విడిచిపెడ్తడు. పట్నంలో పనిలో చేరి, మక్బూల్ అనే కార్మిక నాయకుడి దగ్గర సంఘం గురించి నేర్చుకుంటడు. అంటే దెబ్బ తగిలింది చంద్రికి, చైతన్యం వచ్చింది రామయ్యకు. కెమెరా కూడా ఆయన వెంటనే పట్నం పోతది. చంద్రి కోపం ఎట్లుంటదో మనకు చూపించరు. మంచి సినిమాలో గూడ మన ఆడబిడ్డ ఇంకొకరి కథకు కారణం మాత్రమే అయితది. ఈ లోపం కనిపెట్టడం నేర్చుకుంటే మిగతా సినిమాలు చూసే కన్ను వస్తది.

స్లో అంటరు కొందరు. నిజమే, ఇప్పటి సినిమాల లెక్క ఉరకదు. రెండు రోజులుగా చూడండి. రామయ్య పట్నం బయలుదేరిన కాడ ఆపండి. రెండో రోజు చివర్ల సైన్యం వచ్చినంక దొర తెల్ల టోపీ పెట్టుకుని తిరిగొస్తడు. ఆ సీన్ ఫోన్ పక్కన పెట్టి చూడండి. 1948 తర్వాత ఊళ్లల్ల ఏం మారింది, ఏం మారలేదు అన్నది ఆ టోపీలో ఉంది.

తర్వాత నర్సింగరావే తీసిన దాసి (1988). గడీలో పనిమనిషిగా అర్చన. మాటలు తక్కువ, మౌనం ఎక్కువ. మా భూమి చూసినంక ఆ మౌనం అర్థమైతది, ముందు చూస్తే విసుగొస్తది.

మాయాబజార్ మూడోది. చూడొద్దు అంటలేను. కానీ ఈసారి ఘటోత్కచుడిని చూడండి. ఎస్వీ రంగారావు చేసిన ఆ పాత్ర ఎవరు? అడవిలో ఉండే హిడింబి కొడుకు. తన అడవిలోకి వచ్చినోళ్లను మొదట అడ్డగించేది ఆయనే, వాళ్లు చుట్టాలని తెలిసి నెత్తిన పెట్టుకునేది ఆయనే. శశిరేఖను మంచంతో సహా తెచ్చేది, ఆమె వేషంలో కౌరవులను ఆటాడించేది, పెళ్లి జరిపించేది ఆయన. రాజులకు పెళ్లి, ఆయనకు మళ్లీ అడవి. మొదటిసారి నిద్రపోయిన నేను, రెండోసారి ఇదే చూసి రాత్రి రెండింటి దాకా కూర్చున్న.

ఒక జాగ్రత్త. 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రింటులో నిడివి తగ్గించిన్రు. తెలుపు నలుపుదే చూడండి.

మాయాబజార్ గొప్పది కాదని నేను అనలేదు, కామెంట్లలో ఆ మాట నా నోట్ల పెట్టకండి. గొప్పది వేరు, మొదటిది వేరు. మొదటి మెట్టు మన కాలికి అందేది ఉండాలె. నా వరుస తప్పయితే మీ వరుస రాయండి, ఎందుకో గూడ రాయండి.