హాల్ టికెట్ స్క్రీన్‌షాట్‌లో లేని సంగతులు

హాల్ టికెట్లు విడుదలయ్యాయంటే మన హాస్టళ్లలో ముందు జరిగేది స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపుకోవడం. అందులో పేరు, ఫొటో, సెంటర్, పరీక్ష సమయం కనిపిస్తాయి. కింద చిన్న అక్షరాల్లో ఉన్న సూచనలు తెగిపోతాయి. గేటు దగ్గర మనల్ని ఆపేవి ఆ సూచనలే. మన ఇళ్లలో వాటిని చదివి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే స్క్రీన్‌షాట్ దగ్గరే ఆగిపోకుండా, హాల్ టికెట్ మొత్తం చదివి చేత్తో ఒక జాబితా రాసుకోవాలని మేమంటున్నాం.

2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగిన గ్రూప్-2నే చూద్దాం. ఉదయం పేపరు 10 గంటలకు. కానీ లోపలికి పంపేది 8.30 నుంచి, గేటు మూసేది 9.30కు. మధ్యాహ్నం పేపరు 3 గంటలకైతే గేటు 2.30కే మూస్తారు. కాబట్టి జాబితాలో మొదట రాయాల్సింది పరీక్ష సమయం కాదు, గేటు మూసే సమయం.

మిర్యాలగూడలో ఉన్న మిత్రుడికి కోదాడలో సెంటర్ పడిందనుకుందాం. హుజూర్‌నగర్ మీదుగా బస్సుకు గంటన్నర, బస్టాండు నుంచి సెంటర్ వెతుక్కోవడానికి అరగంట వేసుకుంటే, 8.30కు చేరాలంటే 6.30కే బస్సెక్కాలి. సూర్యాపేట నుంచి వెళ్లేవాళ్లూ ఇలాగే వెనక నుంచి లెక్క కట్టుకోవాలి.

రెండోది, తీసుకెళ్లాల్సినవి: హాల్ టికెట్ ప్రింటు, ఒరిజినల్ గుర్తింపు కార్డు, నలుపు లేదా నీలం బాల్ పెన్ను. ఫోన్ లోపలికి రానివ్వరు కనుక అందులోని స్క్రీన్‌షాట్ అక్కరకు రాదు. ఆధార్ జిరాక్సు ఒరిజినల్‌కు బదులు కాదు.

మూడోది, వదిలి వెళ్లాల్సినవి: ఫోన్, వాచీ, కాలిక్యులేటర్, పర్సు. బూట్లు కాదు, చెప్పులే వేసుకోవాలి. వేలిముద్రలు తీసుకుంటారు కాబట్టి చేతులకు గోరింటాకు కూడా వద్దన్నారు.

అన్నిటికంటే ముందుగా చూడాల్సింది హాల్ టికెట్ మీది ఫొటో. అది లేకపోయినా, స్పష్టంగా లేకపోయినా గెజిటెడ్ అధికారి ధ్రువీకరించిన ఫొటోలు మూడు, హామీపత్రం తీసుకెళ్లాలి. ఆ హాల్ టికెట్లు డిసెంబర్ 9, సోమవారం వచ్చాయి. పరీక్ష ఆదివారం. శనివారం రాత్రి చదివితే సంతకం పెట్టే అధికారి ఎక్కడ దొరుకుతారు? జాబితా హాల్ టికెట్ వచ్చిన రోజే రాయాలనడం ఇందుకే.

సీనియర్ల పాత జాబితా చూసి రాసుకోవడం కూడా మంచిది కాదు. 2024 ఇంటర్ పరీక్షల్లో ఐదు నిమిషాల ఆలస్యాన్ని అనుమతించారు. అది గుర్తుపెట్టుకుని గ్రూప్-2కు 9.35కు వెళ్తే గేటు మూసే ఉంటుంది. ఏ పరీక్ష నిబంధనలు ఆ పరీక్షవే.

మా సూచన ఒక్కటే. హాల్ టికెట్ వచ్చిన రాత్రే గదిలో ఒకరు సూచనలు పైకి చదవాలి, మిగతావాళ్లు ఎవరి జాబితా వారు రాసుకోవాలి. గేటు సమయం, తీసుకెళ్లేవి, వదిలేసేవి అని మూడు వరుసలు చాలు. ఆ కాగితాన్ని ట్రంకుపెట్టె మూతకు లోపలివైపు అతికించుకుంటే, బయల్దేరే తెల్లవారుజామున ఫోన్‌లో వెతుక్కునే పని ఉండదు.