ఫోటో వెనుక ఏమి రాయాలి?



కాలువ గట్టున ఉన్న మా పెంకుటిల్లు అమ్మేశాము. రిజిస్ట్రేషన్‌కు నాలుగు రోజుల ముందు అందరం అరుగు మీద చేరి ఒక ఫోటో తీయించుకున్నాము. తీయడానికి పది నిమిషాలు పట్టలేదు. దాని కింద ఏమి రాయాలన్న దగ్గర మాత్రం రెండు రోజులు గడిచాయి.

పెద్దన్నయ్య మొదట ఇలా రాశాడు: "మా పూర్వీకుల ఇల్లు. ఈ జ్ఞాపకాలు ఎన్నటికీ మరువలేము." చదవడానికి బాగానే ఉంది. కాని ఆ మాట ఏ ఇంటి ఫోటో కిందైనా సరిపోతుంది. పైగా ఆ ఇల్లు పూర్వీకులది కాదు, నాన్న కట్టించినది. అరుగు సిమెంటు ఆరకముందే మేకపిల్ల నడిచిన అడుగులు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని పూర్వీకులకు అంటగట్టడం ఎందుకు?

అదే వారం ట్రంకు పెట్టె ఖాళీ చేస్తుంటే ఒక పాత ఫోటో దొరికింది. వెనుక "అత్త, నేను, చిన్నోడు" అని ఉంది. ఎవరికి అత్త? ఆ నేను ఎవరు? చేతిరాత అమ్మ కూడా గుర్తుపట్టలేదు. రాసిన రోజున అది అందరికీ తెలిసిన సంగతే, అందుకే పేర్లు రాయలేదు. అప్పుడు మాకు అర్థమైంది. మనం ఫోటో కింద "అమ్మ" అని రాస్తే మన పిల్లలకు ఆమె నానమ్మ, చెల్లి పిల్లలకు అమ్మమ్మ, ఆ తరువాతి వారికి ఎవరో తెలియదు. వరుసలు చదివేవారిని బట్టి మారిపోతాయి, పేర్లు మారవు. అందుకే చూసేవారి ఎడమ చేతి వైపు నుండి మొదలుపెట్టి ఒక్కొక్కరి పేరు ఇంటిపేరుతో సహా రాశాము. ఫోటో తీసిన పక్కింటి కుర్రాడి పేరు కూడా రాశాము. తీసినవాడు ఎప్పుడూ ఫోటోలో ఉండడు కదా.

ఇక కష్టమైన సంగతి. తమ్ముడు రాలేదు. వాటా విషయంలో వాడి మనసు నొచ్చుకుంది. సంతకం పెడతానని చెప్పాడు, పెట్టాడు కూడా. ఫోటోకి మాత్రం రానన్నాడు. అమ్మ తన కుర్చీ పక్కన చోటు ఖాళీగా ఉంచమంది, ఎవరినీ అక్కడ నిలబడనివ్వలేదు. ఫోన్‌లో బాబాయి బొమ్మ తెచ్చి అతికిస్తానన్నాడు మనవడు. వద్దన్నాము. అసలు ఆ మాటే ఎత్తకుండా వదిలేద్దాం అన్నది వదిన. కాని ఆ ఖాళీ ఫోటోలో కనిపిస్తూనే ఉంది. ఏమీ రాయకపోతే చూసినవారు తలా ఒక కథ అల్లుతారు. కారణం రాస్తే, రేపు అన్నదమ్ములు కలిసిపోయినా ఆ గొడవ కాగితం మీద మిగిలిపోతుంది. చివరికి వాడి పేరు రాసి, "ఆ రోజు రాలేదు" అని మాత్రం చేర్చాము. అంతకంటే ఒక్క మాట ఎక్కువ ఉండకూడదని మా అభిప్రాయం.

గుమ్మం పక్క గోడ మీద ఒక గీత ఉంది. 1986 ఆగస్టు గోదావరి వరదలో నీళ్ళు నిలిచిన ఎత్తు అది. నాన్న మేకుతో గీశాడు, సున్నం వేసిన ప్రతిసారీ మళ్ళీ గీసేవాడు. ఇల్లు కొన్నవారు పడగొట్టి డాబా వేస్తారట. వేసుకోనివ్వండి, ఇక అది వారి స్థలం. పునాది ఎంత ఎత్తు లేపాలో తెలుస్తుందని ఆ గీత వారికి చూపించాము. ఫోటోలో కూడా కనిపిస్తుంది గనుక దాని గురించి ఒక వాక్యం రాశాము.

మొదటి మాట ఆఖరున తేలింది. "మా ఇల్లు" అనాలా, "మన ఇల్లు" అనాలా? మా అంటే చదివేవారు బయట నిలబడినట్టే. చదవబోయేది ఎక్కువగా మనవలే, రాని తమ్ముడు కూడా. కాబట్టి "మన ఇల్లు" అన్నాము. "ఉండేది" చేరుద్దామని అన్నయ్య అడిగాడు. ఫోటో తీసిన సాయంత్రానికి అది ఇంకా మన ఇల్లే కదా, తేదీ పక్కనే ఉంది, చాలన్నాము.

వాట్సాప్‌లో ఫోటో కింద రాసినది నమ్ముకోకండి. బొమ్మను గ్యాలరీలో దాచుకుంటే ఆ రాత వెంట రాదు. ప్రింటు వెనుక బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి, నున్నటి కాగితం మీద పెన్సిల్ పట్టదు. మేము విడి కాగితం మీద పెన్సిల్‌తో రాసి, ఫోటోతో పాటు ఒకే కవరులో పెట్టాము.

ఐదు కవర్లు చేశాము. తమ్ముడిది పోస్టులో పంపాము. అందినట్టు వాడి భార్య ఫోన్ చేసింది. వాడు ఇంకా ఏమీ అనలేదు.