ప్యాకెట్ వెనుకవైపు

మెదక్ పట్టణంలో కళాశాల విడిచిన వేళ బస్టాండు పరిసరాల దుకాణాలు విద్యార్థులతో నిండిపోతాయి. చిప్సు నూనెలో వేగినవి గనుక చెడ్డవనీ, పాలు, గోధుమల బొమ్మలున్న క్రీము బిస్కెట్లు కొంత నయమనీ పలువురి నమ్మకం. ముందువైపు బొమ్మలు కలిగించే ఈ నమ్మకం ఎంతవరకు నిజమో వెనుకవైపున్న పోషక విలువల పట్టిక చెబుతుంది. అయితే దానిని చదివే పద్ధతి తెలియాలి.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో చేసిన నిబంధనల ప్రకారం పట్టికలో చక్కెర, కొవ్వు, సోడియం మొదలైనవాటి విలువలు సాధారణంగా 100 గ్రాములకు ఉంటాయి. ఒక వడ్డనలో రోజువారీ పరిమితిలో ఎన్నో వంతు చేరుతుందో శాతంలో చూపుతారు. ఈ శాతాలకు ఆధారం రోజుకు 67 గ్రాముల కొవ్వు, 50 గ్రాముల అదనపు చక్కెర, 2000 మిల్లీగ్రాముల సోడియం.

ఉదాహరణకు 100 గ్రాముల చిప్సులో కొవ్వు 34 గ్రాములు, సోడియం 600 మిల్లీగ్రాములు అనుకుందాం. అంతే బరువున్న బిస్కెట్లలో కొవ్వు 20 గ్రాములు, అదనపు చక్కెర 36 గ్రాములు, సోడియం 250 మిల్లీగ్రాములు. ఈ లెక్కన కొవ్వు, ఉప్పు చిప్సులోనే ఎక్కువ. కాని తినేవాడు 100 గ్రాముల లెక్కన తినడు; ప్యాకెట్ లెక్కన తింటాడు. చిప్సు ప్యాకెట్ 50 గ్రాములు, బిస్కెట్ ప్యాకెట్ 100 గ్రాములు అయితే చిప్సు నుండి 17 గ్రాముల కొవ్వు, బిస్కెట్ల నుండి 20 గ్రాముల కొవ్వు అందుతాయి. సోడియం చిప్సులో 300, బిస్కెట్లలో 250, తేడా స్వల్పమే. సోడియాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు బరువు వస్తుంది. తియ్యని బిస్కెట్ల ద్వారా కూడా అరగ్రాముకు మించి ఉప్పు శరీరంలో చేరుతున్నదన్నమాట!

ఇక చక్కెర సంగతి. వడ్డన 25 గ్రాములని ముద్రిస్తే శాతం 18 మాత్రమే కనిపిస్తుంది. ప్యాకెట్ మొత్తం తింటే అది 72 అవుతుంది. అంకె అబద్ధం కాదు, వడ్డన చిన్నది. పదార్థాల జాబితాలో చక్కెర, ద్రవ గ్లూకోజు, ఇన్వర్ట్ సిరప్ అని వేర్వేరు పేర్లు కనిపించినప్పుడు వాటి మొత్తాన్ని తెలిపేది 'అదనపు చక్కెర' అన్న వరుసే.

కాబట్టి ఏ రకం మేలో తేల్చుకోవడానికి 100 గ్రాముల విలువలను పోల్చాలి. ఎంత చేరిందో తెలుసుకోవడానికి ఆ విలువను తిన్న బరువుతో హెచ్చించి 100తో భాగించాలి. మొదటి లెక్కతోనే ఆగినవాడు బిస్కెట్లను మెచ్చుకుంటాడు. రెండవది కూడా చేసినవాడు సగం ప్యాకెట్‌ను మిత్రునికి పంచుతాడు. అయితే ఈ గుణకార భాగహారాలన్నీ కొనేవారికే వదలడం న్యాయం కాదు. ఒక్కరే ఒక్కసారిగా తినే ప్యాకెట్లపై మొత్తం ప్యాకెట్‌లోని చక్కెర, ఉప్పు, కొవ్వుల బరువును ముందువైపునే పెద్ద అక్షరాలతో ముద్రించడం తయారీదారుల బాధ్యత కావాలి.