"పాలిటీ చదవాలి" అని రాసి పడుకుంటే లెక్క తేలదు

రాత్రి పుస్తకం మూసినా బుర్ర మూతపడదు. సగంలో ఆగిన నోట్సు, తీరని సందేహం, నింపని దరఖాస్తు పక్క మీద కూడా తిరుగుతూనే ఉంటాయి. వాటిని ఆ రాత్రే పూర్తి చేయాలని మనం అనుకుంటాం. నా అభిప్రాయంలో అది తప్పు. 2011లో మాసికాంపో, బామీస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో, పని పూర్తికాకపోయినా దాన్ని ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా రాసుకున్నవారిని ఆ ఆలోచన అంతగా వెంటాడలేదు.

బీజాపూర్‌లో ఉండి ఐదో షెడ్యూల్ చదువుతున్న ఒక రోజును తీసుకోండి. రాత్రి తొమ్మిదింటికి పదిహేను నిమిషాలు పెట్టుకుని, మిగిలిపోయినవన్నీ ఒక కాగితంపై రాయండి. నాలుగు తేలాయనుకుందాం.

ఒకటి, కర్ణాటక బీజాపూర్, మన బీజాపూర్ నోట్సులో కలిసిపోయాయి. ఇది రెండు నిమిషాల పని, ఇప్పుడే దిద్దేయండి: కర్ణాటకది 2014లో విజయపుర అయింది, మనది 2007లో దంతేవాడ నుంచి విడిపోయిన జిల్లా. రెండు, గిరిజన సలహా మండలి దగ్గర నోట్సు ఆగింది. మూడు, సల్వా జుడుంపై 2011 జులై 5 నాటి సుప్రీంకోర్టు తీర్పు మీద జవాబు మొదలుపెట్టలేదు. నాలుగు, దరఖాస్తు నింపాలి, కానీ రాత్రి నెట్ నిలవదు.

ఇప్పుడు మిగిలిన మూడే రేపటి మొదటి మూడు పనులు. "పాలిటీ చదవాలి" అని మాత్రం రాయకండి. ఇలా రాయండి:

1. ఉదయం 6: ఐదో షెడ్యూల్ 4వ పేరా చూడకుండా రాసి, సభ్యులు 20కి మించరాదు, సుమారు నాలుగింట మూడొంతులు ఎస్టీ ఎమ్మెల్యేలు అన్న రెండు అంశాలూ వచ్చాయో లేదో సరిచూడాలి.
2. 7:30: తీర్పుపై 150 పదాల జవాబు; 14, 21 అధికరణలు తప్పక రావాలి.
3. 11: సిగ్నల్ ఉన్న చోటికెళ్లి దరఖాస్తు నింపాలి, ఫొటో, సంతకం ఫైళ్లు ఈ రాత్రే ఫోన్‌లో పెట్టుకోవాలి.

పుస్తకాన్ని ఆ పేజీ దగ్గర తెరిచి ఉంచి లేవండి. తర్వాత ఏదైనా గుర్తొస్తే కాగితంపై ఒక ముక్క రాయండి, పుస్తకం మాత్రం తాకొద్దు.

సరిగా రాశారో లేదో పొద్దున తెలిసిపోతుంది. కూర్చున్నాక "ఎక్కడి నుంచి?" అని వెతుక్కున్నారంటే పని పేరు రాశారే గానీ మొదటి అడుగు రాయలేదు. ఒకే పని మూడు రాత్రులు వరసగా జాబితాలోకి వస్తుంటే అది పెద్దదన్నమాట. దాన్ని ముక్కలు చేయండి, లేదా కొట్టేయండి.

ఈ పద్ధతి సిలబస్‌ను తగ్గించదు. పది గంటల పనిని ఆరు గంటల్లో ఇరికిస్తే ఏ జాబితా కాపాడదు. రాత్రి చేయాల్సిన నిర్ణయాన్ని పొద్దుటికి మిగల్చకుండా చూడడమే దీని పని.