వాన లేకపోయినా కప్పు కారుతోందా?

బ్రిటన్‌లో మనవాళ్లు ఇంటి వెనక వంటగది పెంచుకునేటప్పుడు బిల్డర్ ఇచ్చే కొటేషన్‌లో చాలాసార్లు ‘ఫ్లాట్ రూఫ్’ అని రెండు ముక్కలే ఉంటాయి. పైన వేసేది రబ్బరు షీటా, ఫెల్టా అని బేరమాడతాం. ఇన్సులేషన్ ఆ షీటుకు పైనా, కిందా, కింద అయితే ఎంత కింద అని మాత్రం అడగం. నా దృష్టిలో మొదట అడగాల్సింది అదే.

కోల్డ్ రూఫ్‌లో ఇన్సులేషన్ చెక్క దూలాల మధ్య, సీలింగ్‌కు దగ్గరగా ఉంటుంది. దానిపైన గాలి ఆడేందుకు కనీసం 50 మిల్లీమీటర్ల ఖాళీ, ఆపైన ప్లైవుడ్, అన్నిటికీ పైన వాటర్‌ప్రూఫింగ్. ఇంటి వేడి ఇన్సులేషన్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ప్లైవుడ్ బయటి చలికి బిగుసుకుపోతుంది. వంటగదిలో 20 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం ఉందనుకోండి. 12 డిగ్రీల కంటే చల్లటిది ఏది తగిలినా ఆ గాలిలోని ఆవిరి నీరవుతుంది. జనవరి రాత్రుల్లో ప్లైవుడ్ అంతకంటే చాలా చల్లగా ఉంటుంది. అన్నం ఉడికిన ఆవిరి, ఇంట్లోనే ఆరేసిన బట్టల తడి సీలింగ్ లైట్ల రంధ్రాల గుండా పైకెక్కి అక్కడ చెమర్చుతాయి. ఆ ఖాళీలో గాలి ఒక వైపు నుంచి వచ్చి రెండో వైపుకు పోతే చెమ్మ ఆరుతుంది. కానీ మన ఎక్స్‌టెన్షన్‌కు రెండో వైపున ఉన్నది పాత ఇంటి గోడ!

వాన లేని చలి ఉదయాల్లో సీలింగ్‌పై మరక పెరుగుతుంటే షీటును కాదు, ఈ చెమ్మనే అనుమానించాలి. పైన ఎన్ని పూతలు పూసినా అది ఆగదు, చివరికి ప్లైవుడ్ కుళ్లుతుంది.

వార్మ్ రూఫ్‌లో ప్లైవుడ్ మీద ఆవిరిని ఆపే పొర, దానిపైన ఇన్సులేషన్ బోర్డులు, ఆపైన వాటర్‌ప్రూఫింగ్. చెక్క అంతా ఇంటి వెచ్చదనంలోనే ఉంటుంది, గాలి ఖాళీ అక్కర్లేదు. ఇంగ్లండ్ నిబంధనల ప్రకారం కొత్త ఎక్స్‌టెన్షన్ కప్పు యూ-వాల్యూ 0.15 దాటకూడదు. అందుకు ఫోమ్ బోర్డు సుమారు 150 మిల్లీమీటర్లు కావాలి. కప్పు అంత ఎత్తు పెరుగుతుంది. పై అంతస్తు కిటికీ అడ్డొస్తుందనో, అనుమతి అక్కర్లేని ఎత్తు దాటుతుందనో బిల్డర్లు కోల్డ్ రూఫ్‌కు మొగ్గుతారు. ఆ కొలత డ్రాయింగ్ దశలోనే చూసుకుంటే గోడలనే కాస్త తగ్గించుకోవచ్చు.

ఇన్వర్టెడ్ రూఫ్‌లో వాటర్‌ప్రూఫింగ్ కింద, ఇన్సులేషన్ పైన. వాన బోర్డుల సందుల్లోంచి షీటు దాకా దిగుతుంది కాబట్టి నీరు పీల్చని ఎక్స్‌పీఎస్ బోర్డులే వాడాలి. అవి తేలిపోకుండా, గాలికి లేవకుండా పైన గులకరాళ్లో పలకలో పరుస్తారు. ఎండా మంచూ తగలక షీటు ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే 50 మిల్లీమీటర్ల గులకరాళ్లే చదరపు మీటరుకు 80 కిలోల పైమాట. కాంక్రీటు శ్లాబుకు ఇది బాగుంటుంది, వంటగది చెక్క దూలాలకు బరువు.

ఇంకొకటి. వార్మ్ రూఫ్ వేశాక ‘ఎలాగూ ఖాళీ ఉంది కదా’ అని దూలాల మధ్య కూడా దూది ఇన్సులేషన్ కుక్కనివ్వకండి. ఇంటి వేడి ప్లైవుడ్‌కు అందక అది మళ్లీ చల్లబడుతుంది. లెక్క కట్టించకుండా అలా చేస్తే, డబ్బు పెట్టి వార్మ్ రూఫ్‌ను కోల్డ్ రూఫ్‌గా మార్చుకున్నట్టే.